పడింది, పడలేదు, తేలలేదు

నెలాఖరున సప్లయర్లకు డబ్బు పంపే అకౌంటెంటు ఎవరైనా బ్యాంకు పోర్టల్‌లో `Partially Processed` అన్న మాటను ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. ఫైలు మొత్తం పోలేదు, మొత్తం ఆగిపోనూ లేదు. కొందరికి డబ్బు పడింది, కొందరికి పడలేదు. ఇంతలో ఫోన్లు మొదలవుతాయి. పడనివాళ్లే ఫోన్ చేస్తారు కాబట్టి ఆఫీసు దృష్టంతా వాళ్ల మీదే ఉంటుంది. పడినవాళ్లకు మళ్లీ పడిపోయే ప్రమాదం సరిగ్గా ఆ హడావిడిలోనే ఉంది. రెండోసారి పడినవాళ్లు ఫోన్ చేసి చెప్పడం అరుదు. చాలామంది అది పాత బాకీయో, అడ్వాన్సో అనుకుని ఊరుకుంటారు.

ముందుగా ఈ ఫైలు ఏమిటో చూద్దాం. నూటఇరవై మందికి ఒక్కొక్కరి ఖాతా నంబరు కొట్టి, ఓటీపీ పెట్టి డబ్బు పంపాలంటే రోజంతా సరిపోదు. అందుకే బ్యాంకులు కంపెనీ ఖాతాదారులకు బల్క్ అప్‌లోడ్ సదుపాయం ఇస్తాయి. ఎక్సెల్‌లో ఒక్కో వరుసలో ఒక్కో చెల్లింపు రాస్తారు: పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్, మొత్తం, ఏ దారిలో పంపాలి, మన రెఫరెన్సు నంబరు. ఒకరు ఫైలు ఎక్కిస్తారు, ఇంకొకరు చూసి ఆమోదిస్తారు. ఆమోదం పడగానే బ్యాంకు ఆ ఫైలును విడగొట్టి ప్రతి వరుసనూ విడి చెల్లింపుగా నడుపుతుంది. అంటే ఫైలు అనేది మన సౌకర్యం కోసం కట్టిన మూట మాత్రమే. లోపల ఉన్నవి నూటఇరవై వేర్వేరు లావాదేవీలు, వాటిలో దేని గతి దానిదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక సంస్థ ఉందనుకోండి. లారీ యజమానులు, గోనె సంచుల వ్యాపారులు, కోల్డ్ స్టోరేజీ, హమాలీ మేస్త్రి, వెల్డింగు షాపు, ఇలా అందరికీ కలిపి 120 వరుసల ఫైలు. మొత్తం 38,64,200 రూపాయలు. సాయంత్రం ఎక్కించారు, యజమాని ఆమోదించారు. కాసేపటికి బ్యాంకు ఇచ్చిన రెస్పాన్స్ ఫైలులో 111 వరుసలకు `SUCCESS` అని ఉంది. నాలుగింటికి `REJECTED`, మూడింటికి `RETURNED`, రెండింటికి `PENDING`. బ్యాంకును బట్టి ఈ మాటలు మారతాయి కానీ, వాటి వెనకున్న స్థితులు మాత్రం ఇవే.

ఇక్కడ చాలా ఆఫీసుల్లో జరిగేది ఇది. `SUCCESS` కాని తొమ్మిదింటినీ కలిపి “ఫెయిలైనవి” అనేస్తారు. వాటిని కొత్త ఫైలులో పెట్టి ఆ రాత్రే మళ్లీ పంపిస్తారు. నిజానికి ఆ తొమ్మిదీ మూడు వేర్వేరు రకాలు.

`REJECTED` అంటే బ్యాంకు గుమ్మం కూడా దాటని వరుసలు. ఫైలు చదివేటప్పుడే తప్పు బయటపడింది కాబట్టి మన ఖాతాలోంచి పైసా కదల్లేదు. మన ఉదాహరణలో ఆ నాలుగింటి మొత్తం 1,18,500. అందులో రెండింటి ఐఎఫ్ఎస్‌సీ `ANDB`తో మొదలవుతోంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పాత ఆంధ్రా బ్యాంకు ఖాతాలకు ఇప్పుడు `UBIN`తో మొదలయ్యే కోడ్‌లు ఉన్నాయి. గోనె సంచుల వ్యాపారి 22,000, వెల్డింగు షాపు 18,500 ఆగిపోయింది పాత కోడ్ వల్లే. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ సరుకు ఇచ్చిన పాత సప్లయర్ల వివరాల్లో ఇలాంటివి ఇంకా తగులుతుంటాయి. మూడో వరుసలో కోడ్‌లోని అయిదో స్థానంలో సున్నాకు బదులు ఇంగ్లీషు అక్షరం ఓ పడింది. ఐఎఫ్ఎస్‌సీలో మొత్తం పదకొండు స్థానాలుంటాయి, అయిదోది ఎప్పుడూ సున్నానే. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అలా 48,000 ఆగింది. నాలుగో వరుసలో 30,000 రూపాయలను ఆర్‌టీజీఎస్‌లో పంపమని రాశారు. ఆ దారిలో కనీస మొత్తం రెండు లక్షలు, కనుక అదీ తిరస్కరణే.

`RETURNED` వేరే కథ. ఈ వరుసలకు మన ఖాతాలోంచి డబ్బు వెళ్లింది. అవతలి బ్యాంకుదాకా చేరి, అక్కడ జమ కాక వెనక్కి వచ్చింది. మన ఫైలులో ఇలాంటివి మూడు, మొత్తం 1,42,000. ఒక ఖాతా మూసేశారు (60,000). ఒక ఖాతాలో జమలు కూడా నిలిపివేసి ఉన్నాయి (37,000). మూడోది 45,000, అసలు లేని ఖాతా. ఎందుకు లేదంటే, ఖాతా నంబరు మొదట్లో ఉన్న సున్నాలను ఎక్సెల్ ఎగరగొట్టేసింది. దీని దగ్గర కాసేపు ఆగాల్సిందే, ఎందుకంటే ఇది మనిషి చేసే తప్పు కాదు, పరికరం చేసే తప్పు.

ఎక్సెల్‌కు ఖాతా నంబరు అంటే తెలియదు. అంకెలు కనిపిస్తే లెక్కకు పనికొచ్చే సంఖ్య అనుకుంటుంది. సంఖ్యకు ముందున్న సున్నాలకు విలువ లేదు కాబట్టి తీసేస్తుంది. అంతకన్నా ప్రమాదకరమైనది ఇంకోటి ఉంది. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా పదిహేను అంకెలే గుర్తుంచుకుంటుంది. పదహారు అంకెల ఖాతా నంబరు కొడితే చివరి అంకె సున్నాగా మారిపోతుంది. ఖాతా నంబర్ల కాలమ్‌ను నంబర్లు కొట్టకముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. ఒకసారి సంఖ్యగా మారి అంకె పోయాక, తర్వాత టెక్స్ట్‌గా మార్చినా పోయినది తిరిగి రాదు. సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిచి, ఏమీ మార్చకుండా సేవ్ చేసినా ఇదే జరుగుతుంది. “నేనేం ముట్టుకోలేదండీ, ఊరికే చూసి మూసేశాను” అని అకౌంటెంటు చెప్పేది నిజమే కావచ్చు.

లేని ఖాతా అయితే డబ్బు తిరిగొస్తుంది, నయమే. తప్పు నంబరు ఇంకెవరిదో నిజమైన ఖాతా అయితే? అప్పుడా వరుస `SUCCESS` అనే వస్తుంది. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో జమ జరిగేది ఖాతా నంబరును చూసే, పేరును సరిచూసి కాదు. పంపేముందే అవతలి ఖాతాదారు పేరు చూసుకునే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1కల్లా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. కొత్త సప్లయరు చేరినప్పుడు, పాతవాళ్లు ఖాతా మార్చినప్పుడు ఆ పేరు చూసుకుంటే `SUCCESS` అన్న మాటను నమ్మడానికి కొంత ఆధారం దొరుకుతుంది.

ఇక మిగిలింది `PENDING`. రెండు వరుసలు, రెండూ లారీ కిరాయిలు. డీజిలు కోసం వెంటనే కావాలన్నారని ఐఎంపీఎస్‌లో పెట్టారు. ఒకటి 36,000, ఇంకోటి 55,000, కలిపి 91,000. మన బ్యాంకు సందేశం పంపింది కానీ అవతలినుంచి “జమ చేశాం” అనిగానీ “చేయలేదు” అనిగానీ సమయానికి జవాబు రాలేదు. డబ్బు అవతలి ఖాతాలో ఇప్పటికే పడి ఉండొచ్చు, జవాబు మాత్రమే దారిలో పోయి ఉండొచ్చు. లేదా అసలు పడకుండా వెనక్కి రావచ్చు. ఈ రెంటిలో ఏది జరిగిందో ఆ క్షణంలో మన బ్యాంకుకే తెలియదు. రెండుసార్లు చెల్లింపులు ఎక్కువగా పుట్టేది ఇలాంటి వరుసల్లోంచే అని నా అభిప్రాయం. `REJECTED`ను చూసి తొందరపడినా నష్టం లేదు. `PENDING`ను చూసి తొందరపడితే డబ్బు పోతుంది.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న “ఏవి ఫెయిలయ్యాయి” అని కాదు, “ఏవి చచ్చాయని రుజువైంది” అని. రుజువు కాని ప్రతి వరుసా ఇంకా బతికే ఉందని పట్టుకోవాలి. ఆ రుజువు రెస్పాన్స్ ఫైలు ఒక్కదానితో దొరకదు. అది ఆ నిమిషానికి బ్యాంకు సిస్టమ్‌కు తెలిసిన సంగతి. రెండో సాక్షి బ్యాంకు స్టేట్‌మెంటు. డబ్బు ఎక్కడుందో చెప్పేది అదే.

మన ఉదాహరణలో ఆ సాయంత్రమే స్టేట్‌మెంటు దింపుకున్నారనుకోండి. నెఫ్ట్ చార్జీలు, వాటి మీద జీఎస్‌టీ పక్కన పెడితే, ఈ ఫైలు తాలూకు డెబిట్‌లు 116 ఉన్నాయి, మొత్తం 37,45,700. ఫైలు మొత్తంలోంచి తిరస్కరించిన 1,18,500 తీసేస్తే వచ్చే అంకె సరిగ్గా ఇదే. అంటే ఆ నాలుగూ నిజంగానే గుమ్మం దాటలేదు. తర్వాత మూడు క్రెడిట్‌లు వచ్చాయి, 1,42,000. అవి తిరిగొచ్చిన మూడు వరుసలు. తీసేస్తే ఖాతాలోంచి నికరంగా వెళ్లింది 36,03,700. కానీ `SUCCESS` అన్న 111 వరుసల మొత్తం 35,12,700 మాత్రమే. తేడా 91,000. తేలని రెండు లారీ కిరాయిల మొత్తం అదే కదా. ఆ డబ్బు మన ఖాతాలో లేదు, వెళ్లిపోయింది. ఈ ఒక్క తీసివేత చేసి చూస్తే చాలు, ఆ రెండు వరుసలను మళ్లీ పంపడానికి చెయ్యి రాదు.

కొన్ని బ్యాంకులు ఫైలు మొత్తానికీ ఒకే డెబిట్ వేసి, పోనివాటిని తర్వాత జమ చేస్తాయి. అలాంటి చోట డెబిట్ 38,64,200 కనిపిస్తుంది, తిరస్కరించిన నాలుగింటి డబ్బూ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. లెక్క ఒకటే కానీ, ఆ క్రెడిట్‌లు కళ్లతో చూసేదాకా ఆ నాలుగూ చచ్చినట్టు కాదు. మీ బ్యాంకు ఏ పద్ధతిలో డెబిట్ వేస్తుందో ముందే అడిగి తెలుసుకోవాలి.

మొత్తాలు సరిపోయాక వరుసలను ఒక్కొక్కటిగా జత కలపాలి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. మన ఫైలులో ఒకే లారీ యజమానికి రెండు ట్రిప్పుల కిరాయిలున్నాయి, రెండూ 36,000. ఒకటి పడింది, ఇంకోటి తేలలేదు. అకౌంటెంటు పేరు, మొత్తం చూసి జత కలిపితే ఎక్సెల్ మొదట దొరికిన వరుసనే రెంటికీ చూపిస్తుంది. అప్పుడు రెండూ పడినట్టు కనిపించవచ్చు, లేదా రెండూ పెండింగులో ఉన్నట్టు కనిపించవచ్చు. ఆ యజమాని ఫోన్ చేసి, “సార్, ఒక ముప్పై ఆరు వేలు పడ్డాయండీ, రెండోది రాలేదు” అంటాడు. ఆయన చెప్పేది నిజమే. కానీ పడింది ఏ ట్రిప్పుది, ఆ రెండోది ఇంకా దారిలో ఉందా అన్నది ఆయన చెప్పలేడు.

అందుకే ప్రతి వరుసకూ ఒక సొంత రెఫరెన్సు ఉండాలి. అది ఫైలులో వరుస సంఖ్య కాకూడదు. ఎవరైనా పేర్ల క్రమంలో సార్ట్ చేస్తే మూడో వరుస ముప్పయ్యో వరుస అయిపోతుంది. ఆ చెల్లింపు వోచర్ నంబరు నుంచే రెఫరెన్సు పుట్టాలి. మొదటి ట్రిప్పు వోచరు 1843, రెండో ట్రిప్పుది 1851 అయితే, ఫైలులో `V1843-1`, `V1851-1` అని వేస్తారు. చివర ఉన్న ఒకటి, ఇది మొదటి ప్రయత్నమని గుర్తు. ముందు అక్షరం ఎందుకంటే, ఉత్త అంకెలూ గీతా పెడితే, ఉదాహరణకు `12-1` అని, ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని మార్చేస్తుంది. బ్యాంకు రెస్పాన్స్ ఫైలులో ఈ రెఫరెన్సు తిరిగొస్తుంది, పక్కనే బ్యాంకు ఇచ్చిన యూటీఆర్ నంబరో, ఐఎంపీఎస్ అయితే పన్నెండు అంకెల ఆర్ఆర్ఎన్ నంబరో ఉంటుంది. సప్లయరు బ్యాంకులో అడిగినప్పుడు పనికొచ్చేది ఈ రెండో నంబరు.

రెస్పాన్స్ ఫైలును `Bank` అనే షీటులో పెట్టుకుని, అందులో బి కాలమ్‌లో రెఫరెన్సు, ఎఫ్ కాలమ్‌లో స్టేటస్ ఉన్నాయనుకుంటే, మన ఫైలులో ప్రతి వరుస పక్కనా ఇంత రాస్తే చాలు:

```
=XLOOKUP(A2,Bank!B:B,Bank!F:F,"NOT FOUND")
```

పాత ఎక్సెల్‌లో `VLOOKUP` వాడేవాళ్లు చివర `FALSE` మరవకూడదు. అది లేకపోతే కచ్చితంగా సరిపోయేదాన్ని కాక దగ్గర్లో ఉన్నదాన్ని తెస్తుంది. ఇక `NOT FOUND` అని వచ్చిన వరుస ఫెయిలైనది కాదు, తేలనిది. బ్యాంకు దాని గురించి ఏమీ చెప్పలేదంతే. దాన్నీ పెండింగుల్లోనే వేసుకుని స్టేట్‌మెంటులో వెతకాలి.

ఒకే ఖాతా రెండుసార్లు వచ్చిందేమో చూడటానికి చాలామంది `COUNTIF` వాడతారు. ఖాతా నంబర్ల మీద అది నమ్మదగింది కాదు. టెక్స్ట్‌గా పెట్టినా సరే, అంకెలు కనబడితే `COUNTIF` వాటిని సంఖ్యలుగా తీసుకుంటుంది, పదిహేను అంకెల తర్వాతివి పట్టించుకోదు. పదహారు అంకెల ఖాతా నంబర్లు రెండు చివరి అంకెలో మాత్రమే తేడాగా ఉంటే ఆ రెంటినీ ఒకటే అంటుంది. డూప్లికేట్ అని ఒక మంచి వరుసను ఫైలులోంచి తీసేయడం ఇలాగే జరుగుతుంది. అక్షరంతో మొదలయ్యే రెఫరెన్సుల మీద మాత్రం అది సరిగ్గానే పనిచేస్తుంది. ఖాతా నంబర్లనే చూడాలంటే ఇలా రాయాలి:

```
=SUMPRODUCT(--($C$2:$C$121=C2))
```

ఇది టెక్స్ట్‌ను టెక్స్ట్‌గానే, ఉన్నదున్నట్టు పోలుస్తుంది.

ఇప్పుడు మళ్లీ పంపే ఫైలు. పాత ఫైలునే తీసుకుని, పడినవాళ్ల వరుసలు తొలగించి, కొత్త పేరుతో సేవ్ చేసి ఎక్కించడం అలవాటుగా జరిగే పని. దీన్ని మానుకోవాలి. తొలగించడంలో ఒక్క వరుస కంటి నుంచి తప్పించుకుంటే అది రెండోసారి చెల్లింపే. ఫిల్టరు పెట్టి దాచిన వరుసలు సేవ్ చేసిన ఫైలులో ఉండిపోతాయి కూడా. బ్యాంకు పట్టుకుంటుందిలే అనుకోవడానికీ లేదు. అదే ఫైలు పేరు మళ్లీ వస్తే ఆపే పోర్టళ్లు ఉన్నాయి, కానీ మనం పేరు మార్చాం కదా. ఒకే సప్లయరుకు ఒకే మొత్తం రెండుసార్లు వెళ్లడం వ్యాపారంలో మామూలే కాబట్టి దాని మీద బ్యాంకు అభ్యంతరం చెప్పదు.

కొత్త ఫైలు ఖాళీ షీటు నుంచి మొదలవ్వాలి. చచ్చాయని రెండు సాక్ష్యాలతో తేలిన వరుసలను మాత్రమే అందులోకి తేవాలి. మన ఉదాహరణలో తిరస్కరించిన నాలుగు, తిరిగొచ్చిన మూడు, మొత్తం ఏడు వరుసలు. ఒక్కోదాని తప్పు సరిదిద్దాక, రెఫరెన్సు చివర ఒకటి తీసి రెండు వేయాలి. వెల్డింగు షాపు వోచరు 1829 అయితే `V1829-2`. వోచరు మారలేదు, ప్రయత్నం మాత్రమే మారింది. ఒక వోచరుకు రెండో ప్రయత్నం పుట్టాలంటే మొదటిది చచ్చినట్టు రుజువు ఉండాలన్నది ఇక్కడి నియమం. కాబట్టి ప్రతి కొత్త వరుస పక్కనా ఆ రుజువు రాస్తారు: తిరస్కరించినదైతే కారణం, తిరిగొచ్చినదైతే స్టేట్‌మెంటులో క్రెడిట్ పడిన తేదీ, యూటీఆర్.

ఆమోదించే మనిషికి పోర్టల్‌లో ముందు కనిపించేవి రెండే అంకెలు: ఎన్ని వరుసలు, మొత్తం ఎంత. అవి సరిపోయాయో లేదో చెప్పాలంటే ఫైలుతో సంబంధం లేని చోటు నుంచి ఆయనకు ఒక లెక్క తెలిసి ఉండాలి. స్టేట్‌మెంటు లెక్కలో కదలనిది 1,18,500, తిరిగొచ్చింది 1,42,000. కలిపితే 2,60,500. ఏడు వరుసలు, 2,60,500 అని ఒక కాగితం మీద రాసి ఫైలు తయారుకాకముందే యజమానికి ఇవ్వాలి. పోర్టల్‌లో 2,96,500 అని కనిపించిందంటే ఎవరో 36,000 లారీ కిరాయిని కలిపేశారని ఆయనే చెప్పగలుగుతాడు. “అదేంటమ్మా, ముప్పై ఆరు వేలు ఎక్కువొచ్చిందే, లారీది తీసెయ్” అని ఆమోదం ఆపేస్తాడు.

తేలని రెంటినీ ఎంతసేపు ఆపాలి? దీనికి రిజర్వు బ్యాంకు గడువులున్నాయి. 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఐఎంపీఎస్‌లో మన ఖాతాలోంచి డబ్బు పోయి అవతల జమ కాకపోతే లావాదేవీ జరిగిన మర్నాటికల్లా దానంతటదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం. నెఫ్ట్‌లో అయితే సెటిల్‌మెంటు జరిగిన రెండు గంటల్లోగా అవతలి బ్యాంకు జమ చేయాలి లేదా తిప్పి పంపాలి. 2019 డిసెంబరు 16 నుంచి నెఫ్ట్ రోజంతా, సెలవుల్లోనూ అరగంటకోసారి నడుస్తోంది కాబట్టి ఆదివారమనే సాకు లేదు. గడువు దాటినా ఏదీ తేలకపోతే ఆర్ఆర్ఎన్ నంబరుతో బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చి, “జమ అయిందా, తిరిగొచ్చిందా రాసివ్వండి” అని అడగాలి. జవాబు వచ్చేదాకా ఆ వరుస కదలకూడదు. లారీవాళ్లకు అత్యవసరమైతే ఆ రాత్రి డీజిలుకు కొంత డబ్బును అడ్వాన్సు అని వేరే వోచరు వేసి ఇవ్వండి. తర్వాతి కిరాయిలో అది స్పష్టంగా తరుగుతుంది. పాత వోచరునే మళ్లీ పంపితే అది తరిగే దారి ఉండదు.

పుస్తకాల్లో ఎలా రాస్తున్నారన్నదీ దీంతో ముడిపడి ఉంది. ఫైలు ఎక్కించగానే 120 మందికీ చెల్లించినట్టు బ్యాంకు ఖాతాలో రాసేస్తే, తిరిగొచ్చిన 60,000 క్రెడిట్‌ను చూసిన గుమాస్తా అది ఎక్కడిదో తెలియక సస్పెన్స్ ఖాతాలో వేస్తాడు. సప్లయరు లెడ్జరులో బాకీ తీరినట్టే ఉంటుంది, ఆయనకు మాత్రం డబ్బు అందలేదు. చిన్న పరిశ్రమలకు బాకీ తీర్చాల్సిన గడువు ఒప్పందం ఉంటే నలభై అయిదు రోజులు మించకూడదు, లేకపోతే పదిహేను రోజులు. ఆ గడువులోగా చెల్లించని మొత్తాన్ని ఆదాయపు పన్నులో ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోకపోవచ్చు. సస్పెన్స్‌లో పడి మరిచిపోయిన ఒక్క వరుస అక్కడిదాకా వెళ్లగలదు. దీనికి మందు ఏమిటంటే, మధ్యలో ఒక క్లియరింగ్ ఖాతా పెట్టుకోవడం. ఫైలు ఎక్కించినప్పుడు 38,64,200 అందులోకి వెళ్తుంది. `REJECTED`, `RETURNED` అయినవి సప్లయరు బాకీకి వెనక్కి వెళ్తాయి, పడినవి బ్యాంకు ఖాతాకు వెళ్తాయి. మన ఉదాహరణలో ఆ రాత్రి క్లియరింగ్ ఖాతాలో 91,000 మిగిలి ఉంటుంది. తేలనిది ఎంతో, ఎవరిదో పుస్తకమే చెబుతోందన్నమాట.

ఒకవేళ రెండోసారి పడిపోయిందే అనుకుందాం. అవతలి ఖాతాలోంచి మన బ్యాంకు దాన్ని వెనక్కి లాక్కోలేదు. ఖాతాదారు ఒప్పుకోవాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షను పొరపాటున వచ్చిన డబ్బు తిరిగి ఇవ్వాల్సిందే అంటుంది, కానీ కోర్టుదాకా ఎవరూ వెళ్లాలనుకోరు. మామూలుగా సప్లయరుకు రెండు యూటీఆర్‌లూ, వోచరు కాపీ పంపి, తర్వాతి బిల్లులో తగ్గించుకోమని అడుగుతారు. మళ్లీ సరుకు ఇచ్చేవాళ్ల దగ్గర ఇది నడుస్తుంది. సీజనులో ఒక్కసారి వచ్చి పోయిన లారీ దగ్గర నడవదు. ఇలాంటివి పట్టుకోవడానికి నెలకోసారి సప్లయర్ల లెడ్జర్లలో ఎవరికి డెబిట్ నిల్వ ఉందో చూడాలి. అడ్వాన్సు ఇవ్వకుండా డెబిట్ నిల్వ ఉందంటే, అందుకు కారణం దాదాపు ఎప్పుడూ రెండోసారి చెల్లింపో, రాయని బిల్లో అయి ఉంటుంది.

మర్నాడు ఉదయం మన ఉదాహరణలోని రెస్పాన్స్ ఫైలును మళ్లీ దింపితే, `V1851-1`కు ఆర్ఆర్ఎన్ నంబరుతో సహా `SUCCESS` అని వచ్చింది. లారీ యజమానికి రాత్రే పడింది, ఆయన ఫోనుకు మెసేజి మాత్రం రాలేదు. 55,000 వరుస `RETURNED` అయింది, స్టేట్‌మెంటులో క్రెడిట్ కూడా ఉంది. రాత్రి రెండూ మళ్లీ పంపి ఉంటే ఒకటి సరిపోయేది, ఇంకోటి రెండుసార్లు పడేది. ఏది ఏదవుతుందో రాత్రి ఎవరూ చెప్పగలిగేవారు కాదు. ఇప్పుడు 55,000 వోచరుకు `-2` వేసి ఒకే వరుసతో మూడో ఫైలు కడతారు. దాని మొత్తం ఎంత ఉండాలో ఈసారీ ముందే కాగితం మీద ఉంది. క్లియరింగ్ ఖాతాలో మొదటి ఫైలు తాలూకు నిల్వ సున్నా అయింది. పాత `ANDB` కోడ్‌లున్న ఇద్దరి వివరాలను సప్లయర్ల మాస్టర్‌లోనూ మార్చారు. పంపే ఫైలులో మాత్రమే మార్చి ఊరుకుంటే వచ్చే నెలాఖరున అవే రెండు వరుసలు మళ్లీ ఆగేవి.